బీఎస్‌టీ బొమ్మ మీద ఇన్‌ఆర్డర్, ప్రీఆర్డర్, పోస్ట్‌ఆర్డర్ తప్పు లేకుండా రాయడం

ప్రశ్న: "రికర్షన్ కోడ్ చూస్తే అర్థమవుతుంది. కానీ బొమ్మ ఇచ్చి మూడు ట్రావర్సల్సూ రాయమంటే తడబడుతున్నాను. ఇన్‌ఆర్డర్ ఎలాగూ పెరిగే క్రమమే కాబట్టి రాసేస్తాను. ఒక వైపే చైల్డ్ ఉన్న నోడ్ వస్తే మాత్రం ప్రీ, పోస్ట్ రెండూ తారుమారవుతున్నాయి. బొమ్మ మీద ఏ పద్ధతిలో వెళ్లాలి?"

సమాధానం:

ఈ తడబాటుకు మూలం ఒక్కటే. "ఎడమ, రూట్, కుడి" అని కంఠస్థం చేసినప్పుడు ఎడమ అంటే ఎడమ పక్కన కనిపించే ఒక నోడ్ అని మనసులో పడిపోతుంది. అక్కడ ఎడమ అంటే ఆ పక్కన వేలాడే సబ్‌ట్రీ మొత్తం. దాని పని పూర్తిగా ముగిసే వరకు తర్వాతి మాటకు పోకూడదు. రెండు వైపులా చైల్డ్ ఉండి, రెండూ లీఫ్‌లే అయితే ఈ తేడా బయటపడదు, ఎలా చదివినా జవాబు సరిపోతుంది. అందుకే మూడు నోడ్ల బొమ్మ మీద నేర్చుకున్నది ఎనిమిది నోడ్ల బొమ్మ దగ్గర చెదిరిపోతుంది.

కాబట్టి ఒక వైపే చైల్డ్ ఉన్న నోడ్లు కావాలనే పెట్టిన బొమ్మ తీసుకుందాం. ఖాళీ ట్రీలో 45, 20, 70, 10, 32, 60, 28, 65 ఈ వరుసలో చొప్పిస్తే వచ్చేది ఇది:

```
                 45
            /          \
        20                  70
      /    \             /
    10        32      60
             /          \
           28            65
```

32కు ఎడమ చైల్డ్ మాత్రమే ఉంది. 70కీ అంతే. 60కి కుడి చైల్డ్ మాత్రమే. మీరు తప్పుతున్న చోట్లు సరిగ్గా ఈ మూడు.

ముందుగా పెన్సిల్‌తో ఒక పని చేయండి. చైల్డ్ లేని ప్రతి చోటా చిన్న గీత ఒకటి కిందికి లాగండి. దాన్ని నల్ గీత అందాం. 10, 28, 65 లీఫ్‌లు కాబట్టి ఒక్కోదానికి రెండేసి, అంటే ఆరు. 32కు కుడి వైపు ఒకటి, 60కి ఎడమ వైపు ఒకటి, 70కి కుడి వైపు ఒకటి. మొత్తం తొమ్మిది. బైనరీ ట్రీలో n నోడ్లు ఉంటే నల్ గీతలు ఎప్పుడూ n+1 ఉంటాయి. మీ లెక్క తొమ్మిది రాకపోతే ఎక్కడో ఒకటి మర్చిపోయారన్నమాట, ముందు అది వెతకండి. కొందరు ఒంటరి చైల్డ్‌ను ఎడమకూ కుడికీ కాకుండా నిట్టనిలువుగా కిందికి వేస్తారు. అలాంటి బొమ్మ మీద ట్రావర్సల్ మొదలుపెట్టకండి. బీఎస్‌టీ కనుక విలువ పోల్చి చూస్తే ఏ వైపో తెలిసిపోతుంది: 60 కింద 65 ఉంటే కుడి. పక్కకు జరిపి మళ్లీ వేసుకున్నాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు పద్ధతి. రూట్‌కు ఎడమ పక్కన పెన్సిల్ పెట్టి, ట్రీని అంటిపెట్టుకుని దాని చుట్టూ ఒకే గీత గీయాలి. ఎడమ వైపు నుంచి కిందికి దిగి, ప్రతి నోడ్ చుట్టూ, ప్రతి నల్ గీత చుట్టూ తిరిగి, చివరికి రూట్‌కు కుడి పక్కన తేలాలి. దిశ గడియారం ముల్లుకు వ్యతిరేకం. ఏ కొమ్మనూ దాటకూడదు, పెన్సిల్ ఎత్తకూడదు. ఇలా గీస్తే గీత ప్రతి నోడ్‌ను మూడుసార్లు తాకుతుంది: మొదట ఎడమ పక్కన, తర్వాత కింద, చివరగా కుడి పక్కన. ఎడమ తాకిడి అంటే ఆ నోడ్‌కు ఇప్పుడే వచ్చాం, ఇంకా ఏ సబ్‌ట్రీలోకీ దిగలేదు. కింది తాకిడి అంటే ఎడమ సబ్‌ట్రీ ముగిసింది, కుడిది మొదలు కాలేదు. కుడి తాకిడి అంటే రెండూ ముగిశాయి, ఇక పైకి పోతున్నాం.

మూడు ట్రావర్సల్స్‌కూ తిరిగే దారి ఒకటే. మారేది విలువను ఎప్పుడు రాస్తామన్నదే. ఎడమ తాకిడి దగ్గర రాస్తే ప్రీఆర్డర్, కింద తాకినప్పుడు రాస్తే ఇన్‌ఆర్డర్, కుడి పక్కన రాస్తే పోస్ట్‌ఆర్డర్. కోడ్‌లో ఉన్నదీ ఇదే. `printf` మొదటి పిలుపుకు ముందు ఉందా, రెండు పిలుపుల మధ్య ఉందా, రెండో పిలుపు తర్వాత ఉందా అన్నదే తేడా:

```
void inorder(struct node *t) {
    if (t == NULL) return;
    inorder(t->left);
    printf("%d ", t->data);
    inorder(t->right);
}
```

పై బొమ్మ మీద గీత ఏ వరుసలో పోతుందో పూర్తిగా రాస్తాను. 1 అంటే ఎడమ తాకిడి, 2 అంటే కింద, 3 అంటే కుడి.

```
45-1  20-1  10-1  10-2  10-3  20-2
32-1  28-1  28-2  28-3  32-2  32-3
20-3  45-2  70-1  60-1  60-2  65-1
65-2  65-3  60-3  70-2  70-3  45-3
```

ఎనిమిది నోడ్లు, ఒక్కోదానికి మూడు తాకిళ్లు, మొత్తం 24. ఇందులోంచి 1 ఉన్నవి ఏరితే ప్రీఆర్డర్: 45, 20, 10, 32, 28, 70, 60, 65. 2 ఉన్నవి ఏరితే ఇన్‌ఆర్డర్: 10, 20, 28, 32, 45, 60, 65, 70. 3 ఉన్నవి ఏరితే పోస్ట్‌ఆర్డర్: 10, 28, 32, 20, 65, 60, 70, 45. ఒక్క గీతతో మూడు జవాబులూ వచ్చేశాయి. మొదట్లో నాలుగైదు బొమ్మలకు ఈ 24 తాకిళ్ల పట్టీ నిజంగానే రాయండి. విసుగ్గా ఉంటుంది, కానీ ఎక్కడ తప్పామో చూపించేది ఆ పట్టీయే. తుది జవాబు మాత్రమే చూస్తే తప్పు కనిపిస్తుంది గానీ దాని కారణం కనిపించదు.

ఒంటరి చైల్డ్ దగ్గర ఏం జరుగుతుందో 60 దగ్గర ఆగి చూద్దాం. గీత 60కి ఎడమ పక్కన తాకింది. తర్వాత దిగాల్సింది ఎడమకు. అక్కడ చైల్డ్ లేదు, నల్ గీత ఉంది. దాని చుట్టూ తిరిగి వచ్చి గీత 60 కింద తాకుతుంది. అప్పటికి 65 దగ్గరికి ఇంకా పోనే లేదు. అందుకే పట్టీలో 60-1, 60-2 పక్కపక్కనే వచ్చాయి, 65 పని అంతా అయ్యాక గానీ 60-3 రాలేదు. ఇన్‌ఆర్డర్‌లో 60 తర్వాత 65, పోస్ట్‌ఆర్డర్‌లో 65 తర్వాత 60 రావడానికి కారణం ఇదే.

32 దగ్గర దీనికి తలకిందులు. 32-1 తర్వాత గీత 28లోకి దిగి, దాన్ని మూడుసార్లూ తాకి, పైకి వచ్చాకే 32 కింద తాకుతుంది. కుడి వైపు నల్ గీతే కాబట్టి వెంటనే 32-3. ఇక్కడ 2, 3 పక్కపక్కన ఉన్నాయి. కుడి చైల్డ్ లేని ఏ నోడ్‌కైనా ఇలాగే ఉంటుంది, కావాలంటే 70 చూడండి. ఎడమ చైల్డ్ లేకపోతే 1, 2 అంటుకుంటాయి. లీఫ్ అయితే మూడూ వరుసగా వస్తాయి. నల్ గీతలు గీయని వాళ్లు 60 దగ్గర "ఎడమ లేదు కదా" అని నేరుగా 65కు జారి, దాన్ని ముగించి, తిరిగి వచ్చేటప్పుడు 60ని రాస్తారు. పోస్ట్‌ఆర్డర్‌కు అది సరిపోతుంది, ఇన్‌ఆర్డర్ అడిగితే 65, 60 అని తేలుతుంది. మీరు ఇన్‌ఆర్డర్‌ను విలువలు చూసి పేర్చేస్తున్నారు కాబట్టి మీ దారిలో ఈ తప్పు ఉన్నా మీకు కనబడే వీలు లేదు.

ఆ అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. బీఎస్‌టీ ఇన్‌ఆర్డర్ పెరిగే క్రమంలో వస్తుందన్నది నిజం. కానీ దాన్ని జవాబును సరిచూడటానికి వాడండి, జవాబు రాయడానికి వాడకండి. బొమ్మ మీద గీత తిప్పి రాసిన ఇన్‌ఆర్డర్ ఎక్కడైనా తగ్గితే తప్పు రెండు చోట్లలో ఒకచోట ఉంటుంది: గీతలో, లేదా బొమ్మలో. ఉదాహరణకు 65ను చొప్పించేటప్పుడు పొరపాటున 32కు కుడి చైల్డ్‌గా పెట్టారనుకోండి. పేరెంట్‌ను, చైల్డ్‌ను మాత్రమే పోల్చి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, 32 కంటే 65 పెద్దదే కదా. గీత తిప్పితే మాత్రం 10, 20, 28, 32, 65, 45, 60, 70 అని వస్తుంది. 65 తర్వాత 45 రాగానే దొరికిపోతుంది: 45కు ఎడమ సబ్‌ట్రీలో 45 కంటే పెద్ద విలువ కూర్చుంది. అంకెల్ని విడిగా పేర్చేసిన వాళ్లకు ఈ తప్పు కనపడదు. అదే బొమ్మతో ప్రీ, పోస్ట్ కూడా రాసి అన్ని మార్కులూ పోగొట్టుకుంటారు.

ఇన్‌ఆర్డర్‌కు ఇంకో దగ్గరి దారి చాలామంది చెబుతారు: ప్రతి నోడ్ నుంచి నిలువుగా కిందికి గీత దించి, ఎడమ నుంచి కుడికి చదవడం. బొమ్మ పొందికగా ఉంటే అది పనిచేస్తుంది. పై బొమ్మలో 28 అడ్డంగా చూస్తే 20కీ 32కీ నడుమ ఉంది, 65 కూడా 60కీ 70కీ నడుమే ఉంది. కాగితం మీద చోటు చాలక 65ను 70 దాటి కుడికి లాగేస్తే అదే పద్ధతి 60, 70, 65 అని ఇస్తుంది. చుట్టూ తిరిగే గీతకు ఈ బెడద లేదు, ఎందుకంటే అది కొమ్మల్ని పట్టుకుని పోతుంది, కాగితం మీద చోటును కాదు.

ఇన్‌ఆర్డర్ ఎక్కడ మొదలవుతుందన్న దగ్గర కూడా తప్పు జరుగుతుంది. బొమ్మలో అన్నిటికంటే కింది వరుసలో ఎడమన ఉన్నది 28 కదా అని అక్కడ మొదలుపెడతారు. లోతుకూ దీనికీ సంబంధం లేదు. రూట్ నుంచి ఎడమకు, మళ్లీ ఎడమకు, ఎడమ చైల్డ్ లేని నోడ్ తగిలే వరకు పోవాలి. ఇక్కడ అది 10. దానికంటే 28 ఒక మెట్టు కింద ఉన్నా సరే, మొదట రాసేది 10నే. పోస్ట్‌ఆర్డర్ మొదలు మాత్రం కొంచెం వేరు. ఎడమకు పోతూ పోతూ ఎడమ చైల్డ్ లేని నోడ్ దగ్గర ఆగినా, దానికి కుడి చైల్డ్ ఉంటే అందులోకి దిగాలి. లీఫ్ తగిలే వరకు పోస్ట్‌ఆర్డర్‌లో ఏదీ రాయలేం. 10 లీఫే కాబట్టి ఈ బొమ్మలో రెండింటి మొదలూ ఒకటే అయింది.

పోస్ట్‌ఆర్డర్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎక్కువ తప్పులు పడేది ఇక్కడే. మొదటి తప్పు, 20 కింద 10, 32 రెండూ కనిపించగానే "10, 32, 20" అని రాసేయడం. 28 ఎక్కడికి పోయింది? 32 రాయాలంటే దాని కింద ఉన్నవన్నీ ముందు ముగియాలి. ఏ నోడ్‌నైనా పోస్ట్‌ఆర్డర్‌లో రాసే ముందు దాని కింద రాయకుండా మిగిలింది ఏదైనా ఉందా అని చూడండి, ఉంటే ఆ నోడ్ వంతు ఇంకా రాలేదు. రెండో తప్పు, ప్రీఆర్డర్‌ను వెనక నుంచి రాస్తే పోస్ట్‌ఆర్డర్ వస్తుందనుకోవడం. మన ప్రీఆర్డర్‌ను తిప్పితే 65, 60, 70, 28, 32, 10, 20, 45 వస్తుంది. చివర 45 ఉండటంతో సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఇది కుడి సబ్‌ట్రీని ముందు, ఎడమదాన్ని తర్వాత తిరిగితే వచ్చే పోస్ట్‌ఆర్డర్. మనకు కావలసింది ఎడమ ముందు.

బొమ్మను కోడ్‌తో కలిపి చూడాలంటే స్టాక్ గీయండి. అన్ని అడుగులకూ అక్కర్లేదు, ఒక్క క్షణం పట్టుకుంటే చాలు. ఇన్‌ఆర్డర్‌లో 28 ప్రింట్ అవుతున్న క్షణంలో స్టాక్ కింది నుంచి పైకి 45, 20, 32, 28. అంటే నాలుగు పిలుపులు ఇంకా ముగియలేదు. వీటిలో 45, 32 తమ ఎడమ పిలుపు ముగియడం కోసం ఆగి ఉన్నాయి కాబట్టి ఇంకా ప్రింట్ కాలేదు. 20 అలా కాదు, అది ప్రింట్ అయిపోయి కుడి పిలుపు కోసం ఆగి ఉంది. స్టాక్‌లో ఉన్నంత మాత్రాన ఇంకా రాయలేదని అర్థం కాదు. 32 పని ముగిశాక పైకి వచ్చి 20ని రెండోసారి రాసేవాళ్లు ఈ తేడానే మర్చిపోతారు. గీత భాషలో చెప్పాలంటే అది 20-3, 20-2 కాదు. స్టాక్‌లో ప్రతి పేరు పక్కన "ఎ" లేదా "కు" అని రాసుకుంటే, ఎడమ పిలుపులో ఉందా కుడి పిలుపులో ఉందా అన్నది తేలిపోతుంది.

జవాబు రాశాక సరిచూడటానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది లీఫ్‌ల వరుస. మూడు ట్రావర్సల్స్‌లోనూ ఎడమే కుడికి ముందు కాబట్టి లీఫ్‌లు మూడింట్లోనూ ఒకే వరుసలో రావాలి. మన జవాబుల్లో 10, 28, 65 మూడుచోట్లా అదే వరుసలో ఉన్నాయి. తిరగేసిన ప్రీఆర్డర్ ఇక్కడే పట్టుబడుతుంది, అందులో 65 ముందు వచ్చింది.

రెండోది, జవాబు నుంచి బొమ్మను మళ్లీ కట్టడం. ప్రీఆర్డర్ విలువల్ని అదే వరుసలో ఖాళీ బీఎస్‌టీలో చొప్పిస్తే మొదటి బొమ్మే రావాలి. ప్రీఆర్డర్‌లో ప్రతి పేరెంట్ తన చైల్డ్ కంటే ముందే వస్తుంది, అందుకని. పోస్ట్‌ఆర్డర్‌లో పేరెంట్ తర్వాత వస్తుంది, కాబట్టి దాన్ని చివరి నుంచి చొప్పించాలి: 45, 70, 60, 65, 20, 32, 28, 10. వేసి చూడండి, మళ్లీ అదే బొమ్మ. ఇన్‌ఆర్డర్‌ను ఇలా చొప్పిస్తే మాత్రం ప్రతి విలువా ముందుదానికి కుడి చైల్డ్ అయి ఒకే గొలుసులా వేలాడుతుంది, అందుకని దానికి ఈ పరీక్ష పనికిరాదు. బీఎస్‌టీ కాని మామూలు బైనరీ ట్రీకి కూడా ఈ రెండో పరీక్ష వర్తించదు.

ఈ రెండో పరీక్షే పరీక్ష పేపర్లలో తలకిందులై ప్రశ్నగా వస్తుంది. గేట్ 2013 కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో ఒక బీఎస్‌టీ ప్రీఆర్డర్ 30, 20, 10, 15, 25, 23, 39, 35, 42 అని ఇచ్చి పోస్ట్‌ఆర్డర్ అడిగారు. బొమ్మ ఇవ్వలేదు, మనమే వేసుకోవాలి. వరుసగా చొప్పించండి. 30 రూట్. 20 దానికి ఎడమ, 10 దానికీ ఎడమ. 15 వచ్చేసరికి 30 కంటే, 20 కంటే చిన్నది, 10 కంటే పెద్దది, కాబట్టి 10కి కుడి. 25 అయితే 20కి కుడి, 23 ఆ 25కు ఎడమ. 39 రూట్‌కు కుడి, దానికి ఎడమ 35, కుడి 42.

```
               30
           /        \
       20              39
     /     \         /    \
  10        25     35      42
    \      /
     15  23
```

10కి కుడి చైల్డే ఉంది, 25కు ఎడమ చైల్డే ఉంది. నల్ గీతలు లెక్కపెట్టండి: నాలుగు లీఫ్‌లకు ఎనిమిది, 10కి ఎడమన ఒకటి, 25కు కుడిన ఒకటి, మొత్తం పది. తొమ్మిది నోడ్లకు అంతే రావాలి. ఇప్పుడు గీత తిప్పి కుడి తాకిళ్లు మాత్రమే రాయండి. గీత 30, 20, 10 పక్కగా దిగి, 10 ఎడమన నల్ గీత చుట్టి, 10 కింద తాకి, 15లోకి పోతుంది. మొదటి కుడి తాకిడి 15కు పడుతుంది, తర్వాతే 10కి. ఎడమ ఏమీ లేదు కదా అని 10ని ముందు రాసేవాళ్లు ఇక్కడే తప్పుతారు. తర్వాత 20 కింద తాకి 25 పక్కగా 23లోకి దిగుతుంది. 23, 25 ముగిశాక 20. ఆపైన 35, 42, 39, చివరగా 30.

జవాబు 15, 10, 23, 25, 20, 35, 42, 39, 30. లీఫ్‌ల వరుస 15, 23, 35, 42. ఇచ్చిన ప్రీఆర్డర్‌లో కూడా ఈ నాలుగూ అదే వరుసలో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని, ఆప్షన్ గుర్తించండి.